"పది నిమిషాల పనేగా అమ్మా!"

ప్రశ్న: నేను ఇంటి దగ్గర డీటీపీ పనులు చేస్తాను. ఒక రిటైర్డు లెక్చరర్ గారి వ్యాసాల పుస్తకం ఒప్పుకున్నాను. డెమీ సైజు, పేజీకి 50 రూపాయలు, రెండు ప్రూఫులు, ప్రెస్సుకు ఇచ్చే పీడీఎఫ్. ఇవన్నీ వాట్సాప్‌లో రాసుకున్నాం. అను ఫాంట్లలో 256 పేజీలు వచ్చాయి. 5,000 అడ్వాన్సు ఇచ్చారు, మిగతా 7,800 ఫైలు ఇచ్చేటప్పుడు ఇస్తామన్నారు. టైపింగు నుంచి రెండో ప్రూఫు దాకా నాకు 80 గంటలు పట్టింది. ఇప్పుడు మాస్టారు మూడోసారి ప్రింటు తీసుకుని 61 దిద్దుబాట్లు పెట్టి పంపారు. మధ్యలో ఇంకో వ్యాసం చేర్చమన్నారు, అది 14 పేజీలు అవుతుంది. ఈబుక్ కూడా చేసివ్వమంటున్నారు. ఆవిష్కరణ సభకు ఆహ్వానపత్రం, ఫోన్లలో పంపుకునేందుకు రెండు పోస్టర్లు కూడా కావాలట. డబ్బు మాట ఎత్తలేదు. "పది నిమిషాల పనేగా అమ్మా, నువ్వు మా అమ్మాయి లాంటిదానివి" అన్నారు. పెద్దాయన, పైగా నలుగురికి నా పేరు చెప్పగలవారు. ఊరికే చేయలేను, కాదనలేను. 14వ తేదీకి ఫైలు ప్రెస్సుకు వెళ్ళాలి. ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు:

అమ్మా, ముందు ఆ 61 దిద్దుబాట్ల ప్రింటును బల్ల మీద పెట్టుకుని, పక్కన మాస్టారి రాతప్రతి పెట్టుకోండి. ఒక ఎర్ర పెన్ను, ఒక నీలం పెన్ను తీసుకోండి. రాతప్రతిలో సరిగా ఉండి మీ టైపింగులో తప్పు పడినదాని పక్కన ఎర్ర చుక్క పెట్టండి. రాతప్రతిలో ఉన్నది ఉన్నట్టే మీరు కొట్టగా, మాస్టారు ఇప్పుడు మనసు మార్చుకున్నదాని పక్కన నీలం చుక్క పెట్టండి. కంపోజిటరు తప్పునూ రచయిత మార్పునూ వేరు వేరు రంగుల్లో గుర్తించడం అచ్చు పనిలో పాత పద్ధతి. బిల్లు ఎవరి మీద పడాలో తేల్చుకోవడానికే అది పుట్టింది.

ఉదాహరణకు "సాహిత్యము"ను మీరు "సాహితయ్ము" అని కొట్టి ఉంటే అది ఎర్రది. "1950వ దశకంలో" అన్నదాన్ని కొట్టేసి "స్వాతంత్ర్యానంతర తొలి దశాబ్దంలో" అని ఆయన రాసి ఉంటే అది నీలం. కొన్ని ఎటూ తేలవు. రాతప్రతిలో అక్షరం అలుక్కుపోయి "వాదము" అనుకుని మీరు కొట్టినది నిజానికి "వేదము" అయి ఉండవచ్చు. అలాంటివి ఎర్రలో వేసుకోండి. రెండు మూడు మాటల దగ్గర పేచీ పెట్టుకుంటే మిగిలిన యాభై దగ్గర మీ మాటకు విలువ ఉండదు.

లెక్క తేలాక 9 ఎర్రవి, 52 నీలంవి వచ్చాయని అనుకుందాం. మీ దగ్గర సంఖ్య వేరుగా రావచ్చు, పద్ధతి మాత్రం ఇదే. ఎర్రవి మూడో ప్రూఫులో వచ్చినా ముప్పయ్యో ప్రూఫులో వచ్చినా మీరు ఊరికే దిద్దాలి. "రెండు ప్రూఫులే అనుకున్నాం కదా" అన్న మాట వాటికి వర్తించదు, ఎందుకంటే మీరు ఒప్పుకున్నది తప్పులు లేని పేజీ. నీలంవి మొదటి రెండు ప్రూఫుల్లో వచ్చి ఉంటే అవి కూడా మీ 50 రూపాయల్లోనే ఉండేవి. మూడోసారి వచ్చాయి కాబట్టి అవి కొత్త పని. ఈ విభజన చేయకుండా "అదనపు పని చేయలేనండీ" అంటే మాస్టారికి వినిపించేది "తన తప్పులు తాను దిద్దనంటోంది" అని. ఆయన కోపంలో న్యాయం ఉండే ఒకే ఒక్క చోటు ఇది. దాన్ని ముందే మూసేయండి.

ఇక మిగిలిన మూడు కోరికలు. మీరు వాటిని ఒకే మూటగా చూస్తున్నారు కాబట్టి కాదనడం కష్టంగా ఉంది. నాకు అవి మూడు వేరు వేరు పనులుగా కనిపిస్తున్నాయి, మూడింటికీ మూడు వేరు జవాబులు ఉన్నాయి.

కొత్త వ్యాసం చేర్చడం మీ పనే, మీకు వచ్చిన పనే. డబ్బుకు చేయండి. అయితే 14 పేజీలను 50తో హెచ్చవేసి 700 అని ఊరుకుంటే నష్టపోతారు. వ్యాసం చివరన కాకుండా మధ్యలో పడుతోంది. దాని తర్వాతి ప్రతి పేజీ అంకె మారుతుంది, విషయసూచికలో తర్వాతి వ్యాసాలన్నిటి అంకెలూ మారతాయి, లోపల ఎక్కడైనా "112వ పేజీలో చెప్పినట్టు" అని ఉంటే దాన్ని వెతికి మార్చాలి. 14 సరిసంఖ్య కావడం మీ అదృష్టం. అది 13 అయినా 15 అయినా కుడి పేజీలో మొదలవ్వాల్సిన వ్యాసాలన్నీ ఎడమకు జరిగేవి, మధ్యలో ఒక ఖాళీ పేజీ పెట్టుకోవాల్సి వచ్చేది.

అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. దాని గురించి మాస్టారు ఆలోచించి ఉండరు. ప్రెస్సులో ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే 16 పేజీలు ఒక ఫారం. 256 పేజీలంటే అలాంటి ఫారాలు సరిగ్గా 16. దానికి 14 కలిపితే 270. 270 ఫారాల్లో ఇమడదు, 272కు వెళ్ళాలి. అంటే ప్రతి ప్రతికీ ఒక ఫారం కాగితం, ఒక ఫారం అచ్చు అదనం, చివర రెండు ఖాళీ పేజీలు. ఎనిమిది కాగితాలు పెరుగుతాయి కాబట్టి పుస్తకం వెన్ను కూడా ముప్పాతిక మిల్లీమీటరు దాకా లావవుతుంది. ముఖచిత్రం ఫైలు ఇప్పటికే తయారై ఉంటే దాన్నీ సవరించాలి. ఈ నాలుగు ముక్కలు మీరు మాస్టారికి చెప్పగానే "పది నిమిషాల పని" అన్న మాట దానంతట అదే కరిగిపోతుంది. ప్రెస్సువాళ్ళు అదనపు ఫారానికి ఊరికే అచ్చు వేయరని ఆయనకు తెలుసు. కాగితానికి డబ్బు ఇవ్వడం సహజమని అనిపించే మనిషికి కంపోజింగుకు ఇవ్వడం కూడా ఆ పక్కనే సహజంగా కనిపిస్తుంది. ఒకవేళ ఆయనే "ఫారం పెరుగుతుందా, అయితే ఈ వ్యాసం రెండో ముద్రణకు దాచుకుందాం" అన్నా అనవచ్చు.

మీ గంట ధర ఎంతో మీ ఉత్తరంలోనే ఉంది. 12,800ను 80తో భాగిస్తే 160 రూపాయలు. ఇది మీరు ఇష్టపడి ఒప్పుకున్న పని నుంచి వచ్చిన అంకె, కొత్తగా పెంచింది కాదు. వ్యాసం కంపోజింగుకు 700. పేజీలు జరపడం, సూచిక, అంకెలు, మొత్తం ఒకసారి తిప్పి చూసుకోవడం మూడు గంటల పని, 480. నీలం దిద్దుబాట్లు 52 రెండు గంటల పని, 320. మొత్తం 1,500. ఇందులో ఒక్క రూపాయి కూడా మొహమాటపడాల్సినది లేదు.

ఈబుక్ సంగతి వేరు. అసలు చిక్కు అక్కడే ఉంది. మాస్టారి లెక్క ప్రకారం పుస్తకం కంప్యూటర్‌లో ఉంది కాబట్టి బటను నొక్కితే ఈబుక్ అయిపోవాలి. అది ఆయన తప్పు కాదు, బయటి నుంచి చూసేవారికి అలాగే ఉంటుంది. అను ఫాంట్లలో టైపు చేసినది తెర మీద తెలుగులా కనిపిస్తుంది గాని, లోపల నిల్వ ఉండేది ఆంగ్ల అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతాలే. ఆ ఫాంటు లేని ఫోనులో అదే పేజీ అర్థంలేని ఆంగ్ల అక్షరాల గుట్టలా తెరుచుకుంటుంది. ప్రెస్సుకు ఇచ్చే పీడీఎఫ్‌లో ఫాంటు కూడా పొదిగి ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఈబుక్‌గా ఫోనులో తెరుచుకునే ఈపబ్ ఫైలుకు మాత్రం పాఠం మొత్తం, ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మారాలి.

మార్చే సాధనాలు ఉన్నాయి, మీకూ తెలిసే ఉంటుంది. మారాక ఏమవుతుందో కూడా తెలుసు. ఒత్తులు చెదురుతాయి, కొన్ని సంయుక్తాక్షరాలు విడిపోతాయి, అరుదైన గుర్తులు మాయమవుతాయి. మధ్యలో ఆంగ్ల అక్షరాల్లో ఉన్న పీహెచ్.డీ., పుస్తకాల పేర్లు, వెబ్ చిరునామాలు తెలుగు సంకేతాలేననుకుని సాధనం వాటిని కూడా మార్చేస్తుంది. ఒక లెక్చరర్ గారి వ్యాసాల్లో అలాంటివి ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. అందువల్ల మార్పిడి తర్వాత పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మళ్ళీ చదవాలి. గంటకు పన్నెండు పేజీల చొప్పున చదివినా 270 పేజీలకు సుమారు ఇరవై రెండు గంటలు. మార్చడం, శుభ్రం చేయడం నాలుగు గంటలు. దిద్దుబాట్లు ఎక్కించడం మూడు. ఈపబ్ కట్టి, రెండు మూడు ఫోనుల్లో తెరిచి చూడడం నాలుగు. మొత్తం 33 గంటలు, మీ ధర ప్రకారం 5,280 రూపాయలు.

ఈ అంకె చూసి ఆయన ఉలిక్కిపడతారు. అప్పుడు ధర తగ్గించకండి, పని తగ్గించండి. చదివే ఇరవై రెండు గంటలు ఆయనే పెట్టుకుంటే మీకు మిగిలేవి 11 గంటలు, 1,760 రూపాయలు. రిటైరైన లెక్చరరు, పుస్తకం తనది, తన వాక్యాలు తనకే బాగా తెలుసు. ఇంతకన్నా మంచి ప్రూఫు రీడరు మీకెక్కడ దొరుకుతారు? ఇదొక సూత్రంగా పెట్టుకోండి. పనిలో ఏ ముక్కా తీయకుండా 5,280ని 3,000 చేస్తే, మొదటి అంకె అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు.

అన్నిటికన్నా ముఖ్యం, ఈబుక్ 14వ తేదీలోపు అక్కర్లేదు. అచ్చు పుస్తకం వెళ్ళాక మాట్లాడుకోవచ్చు. దాన్ని ఇప్పటి పనిలోంచి విడదీయడం సగం తిరస్కారం. చాలాసార్లు మిగతా సగం దానంతట అదే జరిగిపోతుంది.

ఆహ్వానపత్రం, పోస్టర్లకు నా సలహా ఒకే ముక్క. చేయనని చెప్పండి. డబ్బుకు కూడా వద్దు. మీరు పేజీలు కట్టే మనిషి, బొమ్మలు కట్టే మనిషి కాదు. ముక్కుతూ మూలుగుతూ చేసిన పోస్టరు మీ పేరుతో నలుగురి ఫోనుల్లో తిరుగుతుంది. మీకు తెలిసిన డిజైనరు ఎవరైనా ఉంటే, వారిని అడిగి నంబరు ఇవ్వండి. పుస్తకం పేరు, వ్యాసాల పట్టిక మాత్రం యూనికోడ్‌లో టైపు చేసి ఆ డిజైనరుకు పంపండి. పావుగంట పని, అది ఊరికే చేయవచ్చు. ఏదైనా ఊరికే ఇవ్వాలని మనసు పీకుతుంటే ఇలాంటి చిన్న ముక్క ఎంచుకోండి.

ఊరికే ఇవ్వడం గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం ఒక ప్రచురణకర్తకు చరిత్ర పుస్తకం కట్టాను. చివర్లో పదసూచిక అడిగారు. వ్యక్తులు, ఊళ్ళు, గ్రంథాలు అన్నీ అకారాదిగా, పేజీ అంకెలతో. మొహమాటానికి సరేనన్నాను. నాలుగు రాత్రులు పట్టింది. ఆయన సంతోషించారు, కాఫీ కూడా ఇప్పించారు. ఆరు నెలల తర్వాత రెండో పుస్తకం ఇస్తూ "రేటు పాతదే, పోయినసారి లాగే సూచికతో సహా" అన్నారు. ఆయన మోసం చేయలేదు. నేను దాని ధర ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి ఆయన దృష్టిలో దానికి ధర లేదు. అప్పటి నుంచి ఏదైనా ఊరికే చేసినా బిల్లులో ఒక వరుస రాస్తాను: "పదసూచిక, 32 గంటలు, ఇంత, తగ్గింపు, ఇంత, ఇవ్వాల్సింది సున్న." డబ్బు రాకపోయినా ధర కాగితం మీద ఉంటుంది.

చెప్పడం ఎలాగన్నారు. ఫోనులో మొదలుపెట్టకండి. ఫోనులో పెద్దాయన గొంతు వినగానే మీ అంకెలు మీకే గుర్తుండవు. రాసి పంపండి. తర్వాత ఆయన ఫోను చేస్తారు, అప్పుడు మీ ముందు రాసినది ఉంటుంది. దాదాపు ఇలా రాయవచ్చు:

"మాస్టారూ, నమస్కారం. మూడో ప్రూఫు చూశాను. అందులో నా టైపింగు తప్పులు 9 ఉన్నాయి, అవి దిద్దేశాను, ఆ పేజీలు దీనితో పంపుతున్నాను. మిగతా 52 మీరు కొత్తగా చేసిన మార్పులు. మనం రెండు ప్రూఫులు అనుకున్నాం కాబట్టి ఇవి ఆ లెక్కలోకి రావు. వీటితో పాటు కొత్త వ్యాసం కూడా చేర్చడానికి 1,500 అవుతుంది, మూడు రోజులు పడుతుంది. వ్యాసం చేరితే పుస్తకం 272 పేజీలకు, అంటే 17 ఫారాలకు వెళుతుంది, వెన్ను కూడా మారుతుంది. ప్రెస్సులో ఒకసారి కనుక్కోండి. ఫైలు 14 బదులు 17న ఇవ్వగలను. వ్యాసం, మార్పులు వద్దనుకుంటే ఇప్పటి 256 పేజీల ఫైలు సిద్ధంగా ఉంది, అనుకున్న ప్రకారం 14న ఇచ్చేస్తాను. ఈబుక్ విడి పని, పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాక దాని ఖర్చు రాసి పంపుతాను. పోస్టర్ల పని నేను చేయను. కావాలంటే మంచి డిజైనరు నంబరు ఇస్తాను. వ్యాసం విషయం రేపు సాయంత్రంలోగా చెబితే, 1,500 అందగానే మొదలుపెడతాను."

ఇందులో "క్షమించండి" లేదు, గమనించారా? తప్పులు దిద్దాను అన్నప్పుడు కూడా లేదు, దిద్దిన పేజీలు ఉన్నాయి, అవి చాలు. సాకు కూడా లేదు. పిల్లాడికి జ్వరం, కరెంటు పోతోంది, చేతినిండా పని ఉంది అని రాస్తే పెద్దమనిషి "సరే అమ్మా, జ్వరం తగ్గాకే చెయ్యి" అంటారు. సాకు తీరిపోయేది కాబట్టి, అది తీరగానే పని మళ్ళీ మీ నెత్తిన పడుతుంది. రెండు ప్రూఫులన్న ఒప్పందం మాత్రం జ్వరంలా తగ్గిపోదు.

అలాగే "చూద్దాం లెండి మాస్టారూ" అని కూడా రాయకండి. మన భాషలో అది మర్యాదగా కాదనడం. వినేవారికి మాత్రం ఒప్పుకోవడం. చట్టం దృష్టిలోనూ ఒక తేడా ఉంది. ఊరికే చేయాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పని ఫలితాన్ని ఎదుటివారు అనుభవిస్తే, పరిహారం అడిగే దారి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షనులో ఉంది. కానీ "ఫర్వాలేదు, చేసిపెడతాను" అని మీరే రాసిన వాట్సాప్ సందేశం ఆయన చేతిలో ఉంటే, ఉద్దేశం లేదని ఎలా చూపిస్తారు? 1,500 రూపాయలకు ఎవరూ కోర్టుకు వెళ్ళరు, వెళ్ళమని నేనూ అనను. వాట్సాప్‌లో రాసుకున్నది కూడా ఒప్పందమేనని, అందులో మీరు రాసే ప్రతి ముక్కా దాన్ని కొంచెం మారుస్తుందని గుర్తుంచుకోవడానికే ఈ మాట.

సందేశం చూసి ఆయన ఫోను చేస్తే మొదట వచ్చేది "మా అమ్మాయి లాంటిదానివనుకున్నాను" అన్న మాట. దానికి జవాబు చెప్పకండి, అది ప్రశ్న కాదు. "మీ అభిమానం మాస్టారూ. మరి వ్యాసం ఉంచమంటారా, తీసేయమంటారా?" అని అడగండి. సంభాషణను బంధుత్వం మీద నుంచి వ్యాసం మీదికి మళ్ళించే ప్రశ్న అదొక్కటే. ఎన్నిసార్లు పక్కకు వెళితే అన్నిసార్లు అదే అడగండి, అదే గొంతుతో.

"ఫలానావాళ్ళు ఊరికే చేస్తామన్నారు" అంటే, "ఈబుక్ వాళ్ళతో చేయించుకోండి మాస్టారూ, మార్పులన్నీ అయ్యాక పాఠం ఫైలు ఇస్తాను" అనవచ్చు. నిజంగా ఇవ్వండి కూడా. అను ఫాంట్లలోని పాఠం చూశాక ఆ ఫలానావాళ్ళు ఏమంటారో అది వాళ్ళ సంగతి. "నలుగురికి నీ పేరు చెబుతాను" అన్నదానికి మాత్రం కొంచెం ఆలోచించాలి, ఎందుకంటే మీ భయం అక్కడే ఉంది. ఆయన మీ పేరు చెప్పేటప్పుడు ఏమని చెబుతారు? "చాలా మంచి అమ్మాయి, అడిగినవన్నీ ఊరికే చేసిపెడుతుంది" అని చెబితే మీ దగ్గరకు వచ్చే నలుగురూ అదే అడుగుతారు. "పని నిక్కచ్చిగా ఉంటుంది, డబ్బు దగ్గర కూడా నిక్కచ్చే" అని చెబితే వచ్చేది ఇద్దరే కావచ్చు. ఆ ఇద్దరి పుస్తకాలు మీకు చాలు.

మీ చేతిలో ఉన్న ఒక ఆయుధాన్ని వాడకండి. 14న ఫైలు వెళ్ళాలి, ఫైలు మీ దగ్గర ఉంది. "అదనపు డబ్బు ఇస్తేనే ఫైలు" అనాలనిపిస్తుంది. 7,800 అందినప్పుడు ఒప్పుకున్న 256 పేజీల పీడీఎఫ్ ఇవ్వాల్సిందే, మిగతా విషయాలు తేలినా తేలకపోయినా. ఫైలు ఇచ్చేటప్పుడు బాకీ అడగడం మీ ఒప్పందంలోనే ఉంది కాబట్టి దానికి వెనుకాడకండి. కానీ కొత్త పని డబ్బును పాత పని ఫైలుకు ముడిపెడితే, అంతవరకు మీ వైపున్న న్యాయం ఒక్కసారిగా ఆయన వైపు వెళ్ళిపోతుంది. అందుకే ఇప్పుడే 9 తప్పులు దిద్దిన ఫైలును తేదీ వేసి విడిగా కాపీ చేసి పెట్టుకోండి. వ్యాసం చేర్చడం వేరే కాపీలో మొదలుపెట్టండి. ఆయన మధ్యలో మనసు మార్చుకున్నా, డబ్బు దగ్గర ఆగిపోయినా మొదటి ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది.

తర్వాతి పుస్తకానికి వాట్సాప్‌లో ఇంకో మూడు వాక్యాలు కలపండి: "టైపింగు తప్పులు ఎన్నిసార్లైనా ఊరికే దిద్దుతాను. రెండో ప్రూఫు తర్వాత రచయిత చేసే మార్పులకు గంటకు ఇంత. ఈబుక్, ముఖచిత్రం, పోస్టర్లు ఇందులో లేవు." ఆ చివరి వాక్యం పని మొదలు కాకముందు రాయడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. ఎదుటివారికీ కోపం రాదు. ఇంకా అడగనిదాన్ని కాదంటే నొచ్చుకునేవారు ఉండరు. రెండో ప్రూఫు పంపేటప్పుడు కూడా "ఇది చివరి ప్రూఫు, మార్పులన్నీ ఇందులోనే పెట్టండి" అని పైన పెద్ద అక్షరాల్లో రాసి పంపండి. మాస్టారికి మీరు అలా రాశారో లేదో నాకు తెలియదు. రాయకపోతే ఆ 52లో కొంత మీ వాటా కూడా ఉందేమో చూసుకోండి. 320 రూపాయల వరుస పక్కన "ఈసారికి తగ్గింపు" అని రాయాలనిపిస్తే రాయండి. అది మీ ఇష్టం, వరుస మాత్రం కొట్టేయకండి.

ఈ రాత్రి ఎర్ర చుక్కల పని పూర్తి చేయండి. దిద్దిన పేజీల పీడీఎఫ్ ముందు వెళ్ళాలి, దాని కింద సందేశం. పొద్దున్నే పంపండి, రాత్రి పదికి కాదు. మాస్టారు కాఫీ తాగుతూ చదువుకుని, ప్రెస్సు తెరిచే వేళకు ఆ పదిహేడో ఫారం ఎంతవుతుందో అడగడానికి ఫోను చేస్తారు.